కారని ఇంటికే స్టిక్కరు

ఆ వీధిలో నాణ్యతకు అరడజను మారుపేర్లుండేవి. టైర్ల కొట్టు నాణ్యతకు మారుపేరు. దాని పక్క కళ్లజోళ్ల దుకాణం నాణ్యతకు మారుపేరు. ఎదురుగా ఉన్న జెరాక్సు సెంటరు నాణ్యతకూ, నమ్మకానికీ కలిపి ఒకటే మారుపేరు. ఇంతమంది ఇన్ని మారుపేర్లు పెట్టాక తన అసలు పేరేమిటో నాణ్యతే మర్చిపోయి ఉంటుంది. ఆ వీధి చివర కుళాయిలూ గొట్టాలూ బాగుచేసే షాపు తెరిచిన ఓనరుని, బోర్డు రాసే ఆయన "ఏం రాయమంటారు?" అని అడిగాడు. ఓనరు గడ్డం గోక్కుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆలోచించి, తనే కనిపెట్టినట్టు చెప్పాడు: "నాణ్యతకు మారుపేరు."

షాపులో ముగ్గురు మనుషులు. ఓనరు ఒకప్పుడు స్వయంగా స్పానరు పట్టినవాడే. తర్వాత పొట్ట పెరిగి సింకు కింద దూరడం కుదరక, తనకు తనే మేనేజిమెంటులోకి ప్రమోషన్ ఇచ్చుకున్నాడు. స్పానరు ఇప్పుడు బావమరిది చేతిలో ఉంది. ఫోను మాత్రం ఇంటావిడ దగ్గర.

ఆవిడ నోరు గురించి కొంత చెప్పాలి. ఏ మాటన్నా అందులో రెండో మాట దాక్కుని ఉంటుంది. మొదటిది తగిలాక మనిషి నవ్వుతాడు. ఇంటికెళ్లాక రెండోది తగులుతుంది.

ఒకరోజు ఎవరో ఫోన్ చేసి, పంపు పాడైందనీ, ఇంట్లో ఎవరూ పట్టించుకోరనీ, తన బతుకే ఇంత అనీ ఏకరువు పెట్టారు. ఆవిడ అంతా విని, "పంపు పాడైతే కబురు పంపాలి గానీ కన్నీళ్లు పంపితే ఏం లాభమండీ? అడ్రసు చెప్పండి," అంది. అవతల ఏడుస్తున్న మనిషి పకపకా నవ్వింది. పని అయ్యాక మరో ముగ్గురికి చెప్పింది. ఆ ముగ్గురూ ఫోన్ చేసి, "కబురు పంపమన్నారటగా, పంపుతున్నాం," అన్నారు.

ఓనరుకి అప్పుడు బుర్రలో బల్బు వెలిగింది. ఆ రోజు నుంచి పెళ్లాం తిట్లని శ్రద్ధగా వినడం మొదలుపెట్టాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

పెద్ద అపార్ట్‌మెంటు వాళ్లతో మాట్లాడ్డానికి జంకుతూ కూర్చుంటే ఆవిడ, "నీళ్లు నమలడం కాదు, నీళ్లు ఆపడం మన పని," అంది. ఆయన వెంటనే రాసుకున్నాడు. వాళ్లు రేపు రమ్మన్నారని దిగులుపడితే, "ఇంత మాత్రానికే నీరుగారిపోతే ఎలాగండీ?" అంది. అదీ రాసుకున్నాడు. ఆవిడ నిజంగా కోపంతో "మీ తుప్పు వదిలిస్తా" అన్నప్పుడు కూడా, "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం," అని పెన్ను వెతుక్కున్నాడు. పెన్ను వెతుక్కునే మొగుణ్ణి ఎవరు మాత్రం ఎంతసేపు తిట్టగలరు?

ఇలా పోగైనవన్నీ పట్టుకుని ప్రెస్సుకి వెళ్లాడు. కుళాయి బాగుచేశాక సింకు కింద తలుపు లోపల షాపు పేరూ ఫోన్ నంబరూ ఉన్న స్టిక్కరు అంటించి రావడం ఈ పనిలో మామూలే. మళ్లీ కారినప్పుడు వెతుక్కోకుండా కళ్లెదురుగా ఉంటుంది. ప్రెస్సాయన, "ఒకే షీటులో ఎన్ని రకాలైనా వేసుకోండి, రేటు అదే," అన్నాడు. అదే రేటుకి ఎక్కువ వస్తుందంటే అక్కర్లేనిదైనా తీసుకోవడం మన రక్తంలో ఉంది. ఓనరు అన్నీ వేయించాడు.

'పట్టపగలే చుక్కలు చూపిస్తోందా మీ కుళాయి?'

'మీరు చేతులు తడపక్కర్లేదు. తడిసే చేతులు మావి.'

'ఖర్చు తడిసి మోపెడవకముందే పిలవండి.'

'ఊళ్లో గొట్టంగాళ్లు చాలామంది. గొట్టం పని తెలిసినవాళ్లం మేమే.'

ఈ ఆఖరిదాని మీద బావమరిది అభ్యంతరం చెప్పాడు. "బావా, ఇది అంటించి వెనక్కి తిరిగేసరికి వాళ్లు నన్నే చూస్తున్నారు."

"చూడనీరా. చూస్తేనే గుర్తుంటావు."

షీటు చివరి వరసలో 'మీ ఇంటి లీకు బయటికి పొక్కనివ్వం' అని ఉంది. కానీ కటింగు మిషను ఆ వరస మీద వంకరగా పడి, చాలా స్టిక్కర్లలో 'మీ ఇంటి లీకు బయటికి' వరకే మిగిలింది. అంటించలేక వాటిని పారేశారు. మంచివి గుప్పెడే దక్కాయి.

అంతలో పెద్ద అపార్ట్‌మెంటు వాళ్లు పిలిచారు. పిలిచినప్పుడల్లా వచ్చి పనిచేయండి, సంతృప్తిగా ఉంటే సర్వసభ్య సమావేశంలో ఏడాది కాంట్రాక్టు ఇచ్చే సంగతి చూస్తాం అన్నారు. ఏడాది కాంట్రాక్టంటే ఓనరుకి మాటలు కాదు. ఫోను మోగినా మోగకపోయినా నెలనెలా షాపు నిలబడుతుంది. బావమరిది సైకిలు మీద కమోడు మోసుకుంటూ ఊరంతా తిరగక్కర్లేదు. ఇంటావిడ ఆదివారం పూటైనా ఫోను పక్కన పెట్టి పడుకోవచ్చు. రాకపోతే అద్దె కట్టలేక షాపు షట్టరు దించి, మళ్లీ తను ఎవరి దగ్గరో స్పానరు పట్టాలి. పొట్ట సంగతి వాళ్లే చూసుకోవాలి.

మొదట్లో అంతా బ్రహ్మాండంగా నడిచింది. ఫోను మోగుతూనే ఉంది. "సింకు కింద కారుతోందండీ." "మా సింకు కూడానండీ." "మా సింకు మళ్లీనండీ." ఓనరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ప్రకటనల శక్తి గురించి బావమరిదికి ఉపన్యాసాలిచ్చాడు. బావమరిది వినలేదు. సింకుల కింద ఉన్నాడు.

ఒక సాయంత్రం అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుగారి నుంచి పిలుపొచ్చింది. ఆయన ఏదో ఆఫీసులో చాలామందిని సంజాయిషీ అడిగి రిటైరైన మనిషి. ఇంట్లో అడిగే వీలు లేక అపార్ట్‌మెంటుకి ప్రెసిడెంటయ్యాడు.

"ఏవయ్యా, బాగుచేస్తున్నారా, పాడుచేస్తున్నారా?"

"అదేంటి సార్?"

"వాట్సాప్ గ్రూపు చూశావా? పొద్దున గుడ్ మార్నింగులకంటే సింకు కంప్లైంట్లే ఎక్కువున్నాయి. బాగుచేసిన ఇంట్లోనే మళ్లీ మళ్లీ కారుతోంది. ట్యూషన్ మేడం ఇంటికి ఎన్నిసార్లు వచ్చారో వాచ్‌మన్‌కే లెక్క తెలీదు. అవతల ఫోన్లో బుక్ చేస్తే ప్లంబర్లని పంపే యాప్ కంపెనీ వాళ్లు యూనిఫాం వేసుకుని మరీ వచ్చి కలిశారు. సమావేశం ఈ ఆదివారమే. ఆలోచించుకో."

ఓనరు షాపుకొచ్చి బావమరిది మీద పడ్డాడు. "ఏం బిగిస్తున్నావురా నువ్వు? మీసం తప్ప ఏదీ గట్టిగా మెలితిప్పవా?"

"బావా, ఒట్టు. నేను బిగించినవేవీ కారట్లేదు. ఎప్పుడెళ్లినా ఒకటే జాగా. సింకు కింద సీసాలా ఉంటుందే ట్రాప్, దాని ప్లాస్టిక్ నట్టే వదులై ఉంటోంది. పైపులు బాగున్నాయి, కుళాయి బాగుంది, గోడ దగ్గర నీళ్లు కట్టేసే యాంగిల్ కాక్ బాగుంది. ఆ నట్టొక్కటే."

"నట్టు దానంతటదే తిరుగుద్దా? దానికేమన్నా వాకింగు అలవాటా?"

"అదే నాకూ అర్థం కావట్లా. అన్ని ఇళ్లలో అదే తిరుగుతోంది."

"నిజమే, అన్ని ఇళ్లలో ఒకేలా తిరిగేది నట్టు కాదు, నువ్వే," అంది ఇంటావిడ ఫోను మీంచి తలెత్తకుండా. "ముందు మీరెళ్లి చూసి రండి. పొట్ట బయటపెట్టి తల లోపల పెట్టండి, సరిపోతుంది."

మర్నాడు ట్యూషన్ మేడం ఇంటికి ఓనరే స్వయంగా వెళ్లాడు. మేడం మూడో అంతస్తు. తలుపు తీస్తూనే అడిగింది:

"ఈసారి ఏం తెచ్చారు?"

"సామాను తెచ్చానండి. వాషర్లు, టేపు..."

"సామాను కాదండీ, స్టిక్కరు."

ఓనరు వంటింట్లోకి వెళ్లి, మోకాళ్ల మీద కూలబడి, తల లోపల పెట్టాడు. తలుపు లోపల ఒక్క స్టిక్కరు కూడా లేదు. అంటించిన గుర్తులు వరసగా ఉన్నాయి. ట్రాపు నట్టు వదులుగా ఉంది. చేత్తో పట్టుకుంటే తిరిగింది. స్పానరు అక్కర్లేకుండా చేత్తో తిరిగేది ఆ సింకు మొత్తానికి అదొక్కటే. దాని మీద తడి పిండి అంటిన వేలి ముద్రలున్నాయి. బావమరిది ఇంతవరకు పిండి కలిపిన దాఖలాల్లేవు.

ఆయన మెల్లగా తల బయటికి తీశాడు. అప్పుడు ఫ్రిజ్ కనిపించింది. చుక్కలు, తడిసే చేతులు, నీరుగారిపోవడం, గొట్టంగాళ్లు అన్నీ తలుపు మీద కొలువుతీరి ఉన్నాయి. మధ్యలో ఒక స్టిక్కరు పట్టేంత చోటు ఖాళీ.

"అది దేనికండీ?"

"'లీకు బయటికి పొక్కనివ్వం' ఇంకా రాలేదండీ నాకు," అంది మేడం నొచ్చుకుంటూ. "ఎదురింట్లో వాళ్లకి వచ్చింది. వాళ్లింట్లో అసలు సరిగా కారలేదు కూడా! మాకు ఎంత బాగా కారిందో మీ వాణ్ణి అడగండి. గొట్టంగాళ్లవి రెండొచ్చాయి, కావాలంటే ఒకటి తీసుకుని మార్చివ్వండి."

ఎదురింటావిడ తలుపు సందులోంచి తొంగిచూసి, "తుప్పు వదిలిస్తాం ఉందాండీ?" అని అడిగింది.

ఓనరు నట్టు బిగించి, ఏదో ఒకటి అంటించి, మెట్లు దిగాడు. ఒక్కో అంతస్తులో ఆగి, తెరిచిన తలుపుల్లోంచి ఫ్రిజ్జులు చూసుకుంటూ వచ్చాడు. ఇంత గౌరవం తన రాతలకి ఎక్కడా దక్కలేదు. ఇంత గౌరవంతో తన షాపు మూతపడబోతోంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కాసేపు చేశాడు.

"సమావేశంలో చెప్పేద్దాం బావా," అన్నాడు బావమరిది సంగతి విని. "వాళ్లే విప్పుకుంటున్నారని."

"ఏమని చెప్తావురా? నిండు సభలో 'అమ్మా, మీ సింకు మీరే విప్పారు' అంటావా? ఆవిడ ఎందుకు విప్పానంటుంది? వాళ్లాయన ఊరుకుంటాడా? చదువుకున్న వాళ్లకి ఏ తప్పైనా అంటగట్టొచ్చు గానీ, స్టిక్కరు కోసం కక్కుర్తి పడ్డారని మాత్రం అనకూడదు. ప్రాణాలు తీస్తారు."

ఇంటావిడ అంతా విని, నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "ఎవరైనా తప్పు చేస్తే మిఠాయి పెడుతూ, తప్పులు ఎక్కువయ్యాయని ఏడుస్తారేంటండీ? ఆదివారం నేనూ వస్తా."

సమావేశం మేడ మీద పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, కీచుమనే మైకు. ప్రెసిడెంటుగారు కంప్లైంట్లన్నీ చదివారు. సింకు పేరు వచ్చినప్పుడల్లా ఆ ఇంటివాళ్లు ఆకాశంలోకి చూశారు. యాప్ కంపెనీ యూనిఫాం కుర్రాడు ముందు వరసలో కూర్చుని ట్యాబ్ తుడుచుకున్నాడు. ఓనరు లేచి, మైకు పట్టుకుని, నీళ్లు నమలడం మొదలుపెట్టాడు.

ఇంటావిడ మైకు తీసుకుంది. "నమస్కారమండీ. మా వల్ల మీకు చాలా ఇబ్బంది కలిగింది, తప్పంతా మాదే."

సభ మొత్తం ఉదారంగా క్షమించినట్టు తలాడించింది.

"అందుకని ఈ రోజు నుంచి పద్ధతి మారుస్తున్నాం. రిపేరు చేసిన ఇంట్లో స్టిక్కరు అంటించం."

తలలు ఆగిపోయాయి.

"నెలంతా ఒక్క కంప్లైంటు కూడా లేని ఇంటికే నెలాఖరున స్టిక్కరు. కొత్తవి రాయిస్తున్నాం. 'లీకు బయటికి పొక్కనివ్వం' కూడా మళ్లీ వేయిస్తున్నాం. ఈసారి బంగారు అంచుతో."

ఎక్కడో కుర్చీ కిర్రుమంది. వెనక వరసలోంచి ఒకావిడ గొంతు వినిపించింది: "ఈ నెల నుంచేనా?"

"ఈ గంట నుంచే."

ముగ్గురు నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు పొయ్యి మీద ఏదో పెట్టి మర్చిపోయామని లేచి గబగబా కిందికి వెళ్లారు. వాళ్లంతా సింకు నట్లు బిగించుకుని వచ్చారని ఓనరు గట్టిగా నమ్ముతాడు. ఎందుకంటే వంటంతా ముగించుకుని మేడెక్కిన ప్రెసిడెంటుగారి భార్య కూడా వెళ్లింది.

ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకున్నారు. "మాటలు బాగున్నాయమ్మా. పని కూడా చూద్దాం. ఈ నెల గ్రూపులో ఒక్క కంప్లైంటు రాకపోతే ఏడాది కాంట్రాక్టు మీదే. ఒక్కటి వచ్చినా యాప్ కంపెనీకే."

ఆ నెల గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప ఏమీ రాలేదు. షాపులో ఫోను మోగక ఇంటావిడ అది పనిచేస్తోందో లేదో అని తన ఫోను నుంచి తనే చేసి చూసుకుంది. బావమరిది నిద్రపోయి నిద్రపోయి లావయ్యాడు. "అందరి కుళాయిలూ ఒక్కసారిగా బుద్ధిమంతులైపోయాయి బావా," అన్నాడు. ఓనరు సంతోషపడ్డాడు గానీ లోపల ఎక్కడో గుబులు. ఇన్నేళ్లలో ఏ కుళాయీ ఇంత కాలం మంచిగా ఉన్నట్టు ఆయనెరగడు.

నెలాఖరు రోజు పొద్దున్నే ప్రెసిడెంటుగారు ఫోన్ చేశారు. గొంతు గుసగుసగా ఉంది.

"ఏవయ్యా, ఇది కంప్లైంటు కాదు."

"చెప్పండి సార్."

"ఊరికే చెప్తున్నా. మా ఇంట్లో ఏమీ కారట్లేదు. గమనించావా? మా ఇంట్లో కారట్లేదు."

"గమనించాను సార్."

"పైనుంచి పడుతోంది, అంతే. వంటింటి స్లాబులోంచి. పొద్దున కాఫీ తాగుతుంటే నెత్తి మీద పడింది. మా ఆవిడ గిన్నె పెట్టింది గానీ నన్ను నోరెత్తనివ్వట్లేదు. బంగారు అంచట, ఏంటో... గొడుగు వేసుకుని కాఫీ తాగమంటోందయ్యా!" అని, వెంటనే, "ఆఁ, ఎవరూ లేరు, రాంగ్ నంబరు," అని పెట్టేశారు.

ఓనరు ఫోను కింద పెట్టాడు. ప్రెసిడెంటుగారిది రెండో అంతస్తు. నెత్తి మీద ట్యూషన్ మేడం. ఒక్క పూట నోరు మూసుకు కూర్చుంటే కాంట్రాక్టు ఒళ్లో పడుతుంది. కూర్చుంటే ఆ స్లాబు ప్రెసిడెంటుగారి ఒళ్లో పడేలా ఉంది.

"వెళ్లి రిపేరంటే గ్రూపులో తెలిసిపోద్ది బావా. కంప్లైంటు కింద లెక్క," అన్నాడు బావమరిది.

"రిపేరని ఎవరన్నార్రా? నెలాఖరు కదా, స్టిక్కరు ఇవ్వడానికి వెళ్తున్నాం," అంది ఇంటావిడ. "టేపూ స్పానరూ జేబులో పెట్టుకో. సంచీ తేకు. మీరు ఈ బంగారు అంచులు చేత్తో పట్టుకుని ముందు నడవండి, అందరికీ కనపడేలా."

మేడం తలుపు జానెడు తీసింది. తలకి తువాలు చుట్టుకుని ఉంది, చేతిలో ఇంకో తువాలు. వెనక హాల్లో ట్యూషన్ పిల్లలు కాళ్లు కుర్చీల మీద పెట్టుకుని ఎక్కాలు చదువుతున్నారు. గుమ్మం కింద నుంచి నీళ్లు ఓనరు చెప్పుల దాకా వచ్చాయి.

"మా ఇంట్లో ఏమీ కారట్లేదండీ," అంది మేడం.

"తెలుసండీ. స్టిక్కరు ఇద్దామని వచ్చాం."

"ఇవి ఇల్లు కడిగిన నీళ్లు."

"శుభ్రంగా కడుగుతున్నారండీ. రెండో అంతస్తు కూడా మీరే కడిగారు."

మేడం మొహం ఎర్రబడింది. బొటనవేలితో నీళ్లు పక్కకి నెట్టింది. ఇంటావిడ ముందుకొచ్చి మెల్లగా అంది: "వదినా, స్టిక్కరు ఫ్రిజ్ మీద మా వాళ్లే అంటించాలి. అది మా పద్ధతి. అంటించడానికి కొంచెం టైము పడుతుంది. ఆ కాసేపూ మీ నీళ్లు ఆపుకోవాలి. అంతే."

మేడం ఆవిడ వైపు చూసింది. తలుపు పూర్తిగా తీసింది.

కారేది ఈసారి ట్రాపు కాదు. గోడలోకి బిగించే యాంగిల్ కాక్ మరచుట్ల దగ్గర్నుంచి నీళ్లు చిమ్ముతున్నాయి. కాక్ కట్టేసినా ఆగవు, ఎందుకంటే పోయేది దాని వెనకే. మేడం దానికి పాత చీర, దాని మీద తాడు, తాడు మీద ఇంకో చీర చుట్టింది. ఆ కట్టు చూస్తే ఎముక విరిగిన వాళ్లకి కూడా ధైర్యం వస్తుంది. బావమరిది బయటికెళ్లి ఫ్లాటు మెయిన్ వాల్వు కట్టేసి వచ్చాడు. కాక్ విప్పి, పాత టేపు గీకేసి, మరచుట్ల మీద కొత్త తెల్ల టేపు బిగువుగా చుట్టి, మళ్లీ గోడలోకి ఎక్కించాడు. ఓనరు ఆ సేపంతా ఫ్రిజ్ ముందు నిలబడి, వాకిట్లోంచి చూసే ఎదురింటావిడ కోసం, స్టిక్కరుని ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ జరుపుతూ, "ఇలా బాగుందాండీ? కొంచెం పైకా?" అని అడుగుతూనే ఉన్నాడు.

"ఒక స్టిక్కరుకి ఇంత శ్రద్ధా!" అంది ఎదురింటావిడ ముచ్చటపడి.

"నాణ్యతకు మారుపేరండీ," అన్నాడు ఓనరు. ఆ మాటలో రెండో అర్థం లేకపోయినా, ఉన్న ఒక్క అర్థం మొదటిసారి నిజమైంది.

వాల్వు తిప్పాక గోడ పొడిగా ఉంది. మేడం వేలితో తడిమి చూసుకుంది. తర్వాత ఫ్రిజ్ మధ్యలో ఖాళీ చోట మెరుస్తున్న 'మీ ఇంటి లీకు బయటికి పొక్కనివ్వం' వైపు చూసి, కళ్లు తుడుచుకుంది. చేతిలోది నేల తుడిచే తువాలని తర్వాత గుర్తొచ్చింది.

సాయంత్రం ప్రెసిడెంటుగారి వంటింట్లో, భోజనాల బల్ల దగ్గర, కాంట్రాక్టు మీద సంతకాలు. ఆయన భార్య తన బంగారు అంచు స్టిక్కరుని ఫ్రిజ్ మీద నాలుగు వైపులా అరచేత్తో రుద్దుతూ ఉంది.

"నెలంతా ఒక్క కంప్లైంటు లేదు," అన్నారు ప్రెసిడెంటుగారు పెన్ను మూత తీస్తూ. "చుక్క కారలేదయ్యా ఈ బిల్డింగులో. నా సర్వీసులో ఇంత క్రమశిక్షణ చూళ్లేదు."

"అంతా మీ పర్యవేక్షణ సార్."

ఆయన పొడుగ్గా, తోకతో సహా, సంతకం పెట్టారు. స్లాబులో మిగిలిపోయిన ఆఖరి చుక్క అప్పటిదాకా పైన వేలాడుతూ ఉండి, సరిగ్గా ఆ తోక మీద టప్పున పడింది. సిరా పువ్వులా విచ్చుకుంది.

ఎవరూ పైకి చూడలేదు.

"చెమట," అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఉక్కగా ఉంది కదండీ," అంది ఇంటావిడ, కాగితం మీద మెల్లగా ఊదుతూ.